ముందు మూడు వాక్యాలు రాయించండి, కాలమ్‌లు ఆ తర్వాత

ప్రశ్న: బెంగళూరులో యలహంక వైపు ఒక పీయూ కాలేజీలో మొదటి పీయూ పిల్లలకు బయాలజీ చెబుతున్నాను. గంట క్లాసు, 60 మంది, అందులో చాలామంది మన తెలుగు పిల్లలే. ఎప్పుడూ ‘నోట్స్ డిక్టేట్ చేయండి మ్యామ్’ అంటారు. రెండు కాలమ్‌ల పద్ధతి చూపించి గీతలు గీయించాను, షార్ట్‌ఫారమ్‌ల లిస్టు ఇచ్చాను, చివర సమ్మరీ రాయమన్నాను. రెండు వారాలు తిరిగేసరికి ఎడమ కాలమ్ నిండా హెడింగులు, సమ్మరీలో ‘ఈరోజు కిడ్నీ గురించి నేర్చుకున్నాం’. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు:

మీరు నేర్పిన మూడూ సరైనవే. నేర్పిన వరసే తిరగబడాలండి. సమ్మరీ ముందు, షార్ట్‌ఫారమ్‌లు తర్వాత, గీత గీయడం అన్నిటికన్నా చివర.

ఈ పద్ధతిని 1950లలో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన రూపొందించారు. పేజీ కుడివైపు క్లాసులో రాసుకునే నోట్సు, ఎడమవైపు తర్వాత రాసుకునే ప్రశ్నలు, అడుగున సమ్మరీ. పేజీ ఆ వరసలో నిండుతుంది కాబట్టి మనమూ అదే వరసలో నేర్పుతాం. కానీ అది అప్పటికే లెక్చరు వింటూ సొంతంగా రాసుకోవడం కొంత తెలిసిన కాలేజీ పిల్లల కోసం పుట్టింది. మన పిల్లలు పదో తరగతి దాకా బోర్డు మీదది దించుకోవడమో, టీచరు చెప్పిన వాక్యాన్ని చెప్పినట్టే రాయడమో చేసి వస్తారు. లెక్చరులో ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయం వాళ్లు ఎప్పుడూ చేయలేదు. చివర ఏం రాయాలో తెలిస్తేనే క్లాసులో దేనికోసం వినాలో తెలుస్తుంది. అందుకే చివరి మెట్టు ముందు నేర్పాలి.

మొదటి వారం నోట్సు జోలికి వెళ్లకండి. ఎప్పటిలాగే రాసుకోనివ్వండి. గంటలో చివరి ఏడెనిమిది నిమిషాలు మాత్రం మీవి. అందరూ నోట్‌బుక్ మూసేయాలి. విడి కాగితం మీద మూడు వాక్యాలు రాయాలి. ఇవాళ చెప్పిన దాంట్లో ఏం జరుగుతుందో మొదటిది, అది ఎందుకు లేదా ఎలా జరుగుతుందో రెండోది, అది తేడా పడితే ఏమవుతుందో మూడోది. నాలుగు నిమిషాలు చాలు. తర్వాత నోట్‌బుక్ తెరిచి, తాము రాయలేకపోయిన ముక్క అందులో ఉందో లేదో వెతకమనండి. ఇక్కడే పిల్లలు ఉలిక్కిపడతారు. అంకెలు ఉంటాయి, పేర్లు ఉంటాయి, మీరు బోర్డు మీద రాసిన ప్రతి మాటా ఉంటుంది. ‘ఎందుకంటే’ అన్నది ఉండదు. దాన్ని మీరు నోటితో చెప్పారు, బోర్డు మీద రాయలేదు. తమ నోట్సులో ఏం లోపించిందో తామే కనిపెట్టిన పిల్లలకు నోట్సు ఎలా రాయాలో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

‘కిడ్నీ గురించి నేర్చుకున్నాం’ తరహా సమ్మరీకి నేను వాడే పరీక్ష ఒకటే: ఆ వాక్యం తప్పు అయ్యే అవకాశం ఉందా? ఆ వాక్యాన్ని ఎవరూ తప్పు అనలేరు, కాబట్టి అందులో పాఠం లేనట్టే. ‘జీఎఫ్‌ఆర్ తగ్గితే రెనిన్ తగ్గుతుంది’ అని ఒక అమ్మాయి రాసిందనుకోండి, అది తప్పు. అయినా నా దృష్టిలో మొదటి దానికన్నా ఇదే మేలు. అమ్మాయి ఒక మాట మీద నిలబడింది, దాన్ని సరిదిద్దవచ్చు. ఈ మాట క్లాసులో బయటికే చెప్పండి. పేర్లు చెప్పకుండా రెండు మూడు కాగితాలు చదివి, ‘ఇది తప్పు కావచ్చా?’ అని అడగండి. నాలుగు రోజుల్లో పిల్లలే ఒకరి వాక్యాలను ఒకరు పట్టుకోవడం మొదలుపెడతారు.

నోట్‌బుక్ ఎందుకు మూయాలని అడుగుతారు, తెరిచి రాస్తే చక్కగా వస్తుంది కదా అని. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చి చూశారు. కొందరు వ్యాసాన్ని మళ్లీ చదివారు, కొందరు దాన్ని మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారానికి పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. పిల్లలకు ముందే చెప్పాల్సింది ఇదే. మూసి రాస్తున్నప్పుడు ‘నాకేం రావట్లేదు’ అనిపిస్తుంది. అలా అనిపించినంత మాత్రాన పద్ధతి పనిచేయడం లేదని కాదు.

రెండో వారం నుంచి షార్ట్‌ఫారమ్‌లు. మీరిచ్చిన లిస్టు పక్కన పెట్టేయండి. ఎవరో ఇచ్చిన లిస్టు ఇంకో పాఠం బట్టీ పట్టినట్టే అవుతుంది, రాసేటప్పుడు గుర్తుకు రాదు. ముందు అవసరం కళ్లకు కట్టాలి. టెక్స్ట్‌బుక్‌లో ఒక పేరా మామూలుగా చదువుతూ ఒక్క నిమిషం పాటు మాట పోకుండా రాయమనండి. మీరు చదివిన మాటలెన్నో, వాళ్లు రాసినవెన్నో లెక్కపెట్టించండి. మన మాట వేగంలో చేతి వేగం చిన్న భాగమే. ఎంత కుదించినా అంతా రాయడం అయ్యే పని కాదని ఆ నిమిషంలోనే తేలిపోతుంది. షార్ట్‌ఫారమ్‌లు అంతా రాయడానికి కావు. చేతికి కాస్త ఖాళీ దొరికితే ఆ సమయంలో చెవి పనిచేస్తుంది, వాటి ప్రయోజనం అంతే.

ఇక బయాలజీలో కుదింపు ఎక్కడ దెబ్బతీస్తుందో చూద్దాం. పిల్లలు పొడవాటి మాట కనబడగానే మొదటి మూడు నాలుగు అక్షరాలు ఉంచి తోక కోసేస్తారు. హైపోటానిక్, హైపర్‌టానిక్ రెండూ ఇంగ్లీషులో మొదటి మూడక్షరాలకే ఆపితే ఒకటే అయిపోతాయి. ఇంటర్, ఇంట్రా అంతే. అఫరెంట్, ఎఫరెంట్ సంగతి ఇంకా ఘోరం. ఒక్క అక్షరమే తేడా, గబగబా రాస్తే ఆ అక్షరమే కలిసిపోతుంది. ఒకటి గ్లోమెరులస్‌కు రక్తం తెచ్చే ధమని, ఒకటి తీసుకెళ్లేది. అవి తారుమారైతే వడపోతకు కావలసిన ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాదు. కాబట్టి సూత్రం ఇలా చెప్పండి: మాటను ఎక్కడైనా కోయండి, రెండు మాటల మధ్య తేడా చూపించే చోటు మాత్రం కోయొద్దు. హైపో, హైపర్ జంటకు కిందికీ పైకీ బాణాలు చాలు. అఫరెంట్‌కు ‘లోపలికి’, ఎఫరెంట్‌కు ‘బయటికి’ అని తెలుగులో రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

బాణం గుర్తుతో ఇంకో చిక్కు ఉంది. పిల్లలు ఒకే బాణాన్ని ‘అక్కడికి వెళ్తుంది’ అనడానికీ, ‘దాని వల్ల ఇది జరుగుతుంది’ అనడానికీ, ‘ఇది అదిగా మారుతుంది’ అనడానికీ వాడేస్తారు. రాసిన పూట తెలుస్తుంది, నెల తర్వాత తెలియదు. క్లాసు మొత్తానికి ఒక ఒప్పందం పెట్టండి. మామూలు బాణం (→) కారణానికి మాత్రమే, రక్తమో ద్రవమో పోయే దారికి జంటగీతల బాణం (⇒), ఒకటి మరొకటిగా మారడానికి తరంగం లాంటి బాణం (↝). దీనితో పాటు పెరగడం, తగ్గడం, సుమారు, కాబట్టి, ‘కాదు’, మొత్తం పది గుర్తులు దాటకుండా చూడండి. మిగిలినవి ఎవరివి వాళ్లు తయారు చేసుకోవాలి. తయారు చేసుకున్న ప్రతిదీ నోట్‌బుక్ చివరి అట్ట లోపలి వైపు, పూర్తి మాటతో సహా రాసి ఉండాలి. అక్కడ లేని షార్ట్‌ఫారమ్ పరీక్ష పేపర్లోకి వెళ్లిపోతుంది, మార్కులు పోతాయి. జీఎఫ్‌ఆర్, పీసీటీ లాంటివి సబ్జెక్టువే కాబట్టి ఇబ్బంది లేదు, సొంత కుదింపులతోనే జాగ్రత్త.

మూడో వారం గీత గీయండి. పాక్ చెప్పిన కొలతలు అమెరికా కాగితానికి: ఎడమ రెండున్నర అంగుళాలు, కుడి ఆరు అంగుళాలు. మన లాంగ్ నోట్‌బుక్ పేజీ వెడల్పు సుమారు 17 సెంటీమీటర్లే, అంటే ఏడు అంగుళాల లోపే. ఆ కొలత యథాతథంగా పెడితే కుడివైపు ఇరుకైపోతుంది, ఇరుకైనప్పుడు పిల్లలు ఎడమవైపుకు పొర్లిస్తారు. ఎడమ ఐదు సెంటీమీటర్లు, కుడి 12, అడుగున ఐదు గీతలు సమ్మరీకి. అచ్చు మార్జిన్‌ను మరచిపోమనండి, అది ఎడమ కాలమ్‌లో కలిసిపోతుంది.

మీ తరగతిలో హెడింగులు ఎందుకు వచ్చాయో ఇప్పుడు చెప్తాను. ఎడమ కాలమ్ ఖాళీగా కనబడుతుంటే పిల్లల చేయి ఊరుకోదు, క్లాసులోనే నింపేస్తారు. పాఠం నడుస్తున్నప్పుడు నింపితే అది హెడింగే అవుతుంది, ఎందుకంటే జవాబు ఇంకా పూర్తి కాలేదు, ప్రశ్న ఎలా పుడుతుంది? కాబట్టి నియమం గట్టిగా పెట్టండి: క్లాసు అయ్యేదాకా ఎడమవైపు పెన్ను పెట్టకూడదు. అదే రోజు సాయంత్రం కుడివైపు చదివి, అక్కడ ఉన్నదానికి జవాబుగా సరిపోయే ప్రశ్న ఎడమవైపు రాయాలి. పేజీకి మూడు నాలుగు ప్రశ్నలు మించొద్దు. మరునాటికి వాయిదా వేస్తే తాము రాసిన షార్ట్‌ఫారమ్‌లే తమకు అర్థం కావు.

మీ కిడ్నీ పాఠమే తీసుకుందాం. ఓ పది నిమిషాల్లో మీరు చెప్పేది సుమారుగా ఇది: రెండు కిడ్నీల్లో కలిపి నిమిషానికి 125 మిల్లీలీటర్ల ద్రవం వడకట్టబడుతుంది, రోజుకు 180 లీటర్లు. బయటికి వచ్చే మూత్రం లీటరున్నర. మిగతాదంతా నాళికల్లో తిరిగి రక్తంలోకి పోతుంది, నీరు, లవణాల్లో 70 నుంచి 80 శాతం పీసీటీలోనే. వడపోత వేగం తగ్గితే జేజీ కణాలు రెనిన్ వదులుతాయి. దాని వల్ల ఆంజియోటెన్సిన్ 2 తయారై రక్తనాళాలను సన్నబరుస్తుంది, గ్లోమెరులస్‌లో ఒత్తిడి పెరిగి వడపోత మళ్లీ పుంజుకుంటుంది. అదే ఆంజియోటెన్సిన్ 2 అడ్రినల్ నుంచి ఆల్డోస్టిరాన్ వచ్చేలా చేస్తుంది, అది నాళిక చివరి భాగాల్లో సోడియాన్నీ నీటినీ వెనక్కి లాగుతుంది.

పిల్లలు ఇంగ్లీషులోనే రాసుకుంటారనుకోండి. ఇక్కడ తెలుగు లిపిలో చూపిస్తున్నాను. కుడి కాలమ్ ఇంతే ఉండాలి:

జీఎఫ్‌ఆర్ 125 మి.లీ./ని. = 180 లీ./రోజు
మూత్రం ~1.5 లీ. ∴ ~99% వెనక్కి
పీసీటీ: నీరు + లవణాలు 70–80%
జీఎఫ్‌ఆర్ ↓ → జేజీ → రెనిన్ → ఆంజి.2
ఆంజి.2 → నాళం సన్న → గ్లో. ఒత్తిడి ↑ → జీఎఫ్‌ఆర్ ↑
ఆంజి.2 → అడ్రి. → ఆల్డో. → చివరి నాళిక: Na⁺, నీరు వెనక్కి

ఆరు గీతల్లో అయిపోయింది. ఇందులో పూర్తి వాక్యం ఒక్కటీ లేదు, కారణాల గొలుసు మాత్రం ఎక్కడా తెగలేదు. గొలుసు తెగిందా అని చూడటమే మీరు చేయాల్సిన తనిఖీ. సాధారణంగా తెగేది ఐదో గీత దగ్గర: ‘ఆంజి.2 → జీఎఫ్‌ఆర్ ↑’ అని నేరుగా దూకేస్తారు, నాళం సన్నబడటం, ఒత్తిడి పెరగడం మాయమవుతాయి. మూడు మార్కుల ప్రశ్నలో అడిగేది ఆ మధ్య మెట్లనే.

ఇప్పుడు ఎడమవైపు. హెడింగు రాసే అబ్బాయి ‘జీఎఫ్‌ఆర్’, ‘రెనిన్’ అని రాస్తాడు. రాయాల్సింది: ‘180 లీటర్లు వడకడితే 1.5 లీటర్లే ఎందుకు బయటికి?’ ‘వడపోత తగ్గిందని ఎవరు పసిగడతారు, ఏం చేస్తారు?’ ‘ఆంజి.2 చేసే రెండు పనులేవి?’ ఈ ప్రశ్నలు తెలుగులోనో కన్నడలోనో రాసుకోనివ్వండి. మన అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి తొలిసారి ఇంగ్లీషు మీడియంలో కూర్చున్న పిల్లలకు ప్రశ్న సొంత భాషలో ఉంటే ఆలోచన ముందుకు సాగుతుంది. జవాబు ఎలాగూ పరీక్ష భాషలోనే నోటికి రావాలి కాబట్టి ఆ భాషకూ సాధన అయిపోతుంది.

చదువుకునేటప్పుడు కుడివైపును ఒక అట్టతో మూసి, ఎడమ ప్రశ్న చూసి, జవాబు పైకి చెప్పి, అట్ట తీసి సరిచూసుకోవాలి. ఈ పని చేయకపోతే రెండు కాలమ్‌లు గీసి లాభం లేదు, మామూలు నోట్సే మేలు.

అడుగున సమ్మరీ, మొదటి వారం నేర్పిన మూడు వాక్యాలే. ఈ పాఠానికి ఒక అమ్మాయి ఇలా రాస్తే నాకు చాలు: ‘కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడకట్టి దాదాపు అంతా వెనక్కి తీసుకుంటాయి. వడపోత తగ్గితే రెనిన్ మొదలుపెట్టే గొలుసు గ్లోమెరులస్‌లో ఒత్తిడి పెంచి దాన్ని సరిచేస్తుంది. ఈ గొలుసు పనిచేయకపోతే తగ్గిన వడపోత తిరిగి లేవదు, చివరి నాళికల్లో సోడియం, నీరు వెనక్కి తీసుకోవడమూ తగ్గుతుంది.’ మూడో వాక్యం మీరు క్లాసులో చెప్పలేదు, తను ఊహించి రాసింది. ఆ వాక్యం చూస్తే ఆ పిల్లకు ఎంత అర్థమైందో ఇట్టే తెలుస్తుంది.

క్లాసు మీ వైపు నుంచి కూడా కొంచెం మారాలి. గంటసేపు ఆపకుండా చెబితే ఏ పద్ధతీ పనిచేయదు. ప్రతి పదిహేను నిమిషాలకు ఒక మెలిక దగ్గర ఆగి రెండు నిమిషాలు ఇవ్వండి. పక్కవాడి కుడి కాలమ్‌తో తమది పోల్చుకుని తప్పిపోయింది నింపుకోవడానికి. ఇలా రెండేసి నిమిషాల విరామాలు ఇచ్చిన లెక్చర్లలో విద్యార్థులకు ఎక్కువ గుర్తుందని 1987లోనే అమెరికాలో పరిశోధన వచ్చింది. సిలబస్ వెనకబడుతుందని భయం వద్దు. ‘మళ్లీ చెప్పండి మ్యామ్’ అనే గొంతులు తగ్గి ఆ సమయం చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. విరామంలో మీరు మాట్లాడకూడదు, మనకు కష్టమైన పని అదే.

60 నోట్‌బుక్‌లు దిద్దడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. రోజుకు ఐదు తీసుకుని ఎడమ కాలమ్ మాత్రం చూడండి. ఎడమ మాటలు కుడివైపు మొదటి మాటలే అయితే అది క్లాసులో నింపినది. చేతిరాత కూడా చెప్పేస్తుంది: కుడివైపు పరుగు రాత ఉండి ఎడమవైపూ అదే పరుగు ఉంటే సాయంత్రం కూర్చున్నట్టు కాదు. ఒక్క మాటతో జవాబు వచ్చే ప్రశ్నలే ఉంటే ‘ఎందుకు’తో మొదలయ్యేది ఒకటి చేర్చమని పక్కన రాసి ఇవ్వండి. రంగు పెన్నుల నోట్సు చూసి మురిసిపోకండి. ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు రంగుల్లో ఉన్న పేజీ చాలాసార్లు ఇంటి దగ్గర తిరగరాసింది, ఆ గంట అట్ట పెట్టుకుని చదవడానికి పనికొచ్చేది.

బోర్డును ఫోన్‌లో ఫోటో తీసుకునే అలవాటు మీ దగ్గరా ఉండే ఉంటుంది. బొమ్మలకు ఒప్పుకోండి. నెఫ్రాన్ బొమ్మను పాఠం మధ్యలో గీస్తూ కూర్చుంటే చెవి మూసుకుపోతుంది. కుడి కాలమ్‌లో ‘బొమ్మ: నెఫ్రాన్’ అని టెక్స్ట్‌బుక్ పేజీ నంబరు వేసి నాలుగు గీతలు వదిలితే చాలు, సాయంత్రం చూడకుండా గీయాలి. బోర్డు మీది మాటలకు మాత్రం ఫోటో వద్దు, చేతిలో ఫోటో ఉందన్న ధీమాతో వినడం మానేస్తారు.

ఈ పద్ధతి అన్నిటికీ సరిపోదు. జంతువుల వర్గీకరణ లాంటి పాఠంలో కారణాల గొలుసు ఉండదు, పోలికలు ఉంటాయి. దానికి ఫైలమ్‌లు అడ్డంగా, లక్షణాలు నిలువుగా ఒక పట్టిక గీయించడమే మేలు. ఫిజిక్స్ లెక్కలకూ, కెమిస్ట్రీ రియాక్షన్ మెకానిజమ్‌లకూ కుడివైపు మెట్లన్నీ పూర్తిగా రాయాలి, కుదింపు పనికిరాదు. ఎడమవైపు ‘ఈ మెట్టు ఎందుకు వేశాం?’ అన్న ప్రశ్న ఉంటే చాలు. కాబట్టి మీ దగ్గర మళ్లీ మొదలుపెట్టేటప్పుడు విసర్జన, రక్తప్రసరణ, శ్వాసక్రియ లాంటి గొలుసు పాఠాలే ఎంచుకోండి. పిల్లలకు మూడు వాక్యాలు అలవాటయ్యాకే వర్గీకరణ పాఠానికి పట్టిక చూపించండి. మొదటి వారం కాగితాలు కొన్ని దాచి ఉంచి, నెల తర్వాత అదే పిల్లల చేత అదే పాఠం మీద మళ్లీ మూడు వాక్యాలు రాయించండి. రెండూ పక్కపక్కన పెడితే ఎవరికి ఇంకా మీ సాయం కావాలో మీకు తెలిసిపోతుంది.